ఐగెన్ వెక్టర్ ఎందుకు? క్లాసులో ఈ ప్రశ్న ఎలా అడగాలి

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఐగెన్ వాల్యూస్ చాప్టర్ దాదాపు ప్రతిచోటా ఒకేలా నడుస్తుంది. బోర్డు మీద ఒక మ్యాట్రిక్స్ రాస్తారు. దాని వికర్ణంలోంచి λ తీసేసి, డిటర్మినెంట్‌ని సున్నా చేసి, వచ్చిన ఈక్వేషన్ సాధిస్తారు. ఒక్కో λకి ఒక్కో వెక్టర్ కనుక్కుంటారు. పరీక్షలో అదే లెక్క వస్తుంది, మార్కులు పడతాయి. ఈలోగా కేలీ-హామిల్టన్ థీరమ్ మొదలవుతుంది.

నేను ఈ చాప్టర్ చెప్పే ప్రతి ఏడూ ఎవరో ఒకరు స్టాఫ్ రూమ్ దాకా వచ్చి అడుగుతారు: "సార్, లెక్క వస్తోంది. కానీ వచ్చిన జవాబు దేనికి జవాబో తెలియట్లేదు." చాలా మంచి ప్రశ్న ఇది. అయితే క్లాసులో ఇదే ప్రశ్నని "సార్, దీని అప్లికేషన్స్ ఏంటి?" అని అడుగుతారు. అలా అడిగితే గూగుల్, వంతెనల కంపనాలు, ఫొటో కంప్రెషన్ అంటూ ఓ జాబితా వస్తుంది. అది రాసుకున్నాక కూడా ఐగెన్ వెక్టర్ అంటే ఏమిటో తెలియదు, అది వాడే చోట్ల పేర్లు మాత్రమే తెలుస్తాయి. పాఠం చెప్పేవాళ్లని అర్థం దాకా లాగే ప్రశ్నలు వేరే ఉన్నాయి. వాటిని ఎలా తయారు చేసుకోవాలో, ఏ వరసలో అడగాలో, వచ్చిన జవాబు సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలో ఒకే ఒక్క ఉదాహరణ పట్టుకుని చెబుతాను.

ముందు ఒక సొంత ఉదాహరణ తయారు చేసుకోండి

అర్థం గురించి అడగాలంటే చేతిలో అర్థం ఉన్న మ్యాట్రిక్స్ ఉండాలి. టెక్స్ట్‌బుక్‌లోని అంకెల గళ్లు దేన్నీ సూచించవు, అందుకే వాటి మీద "ఎందుకు" అని అడిగితే ప్రశ్న గాల్లోనే ఉండిపోతుంది. రెండు చోట్ల మధ్య మనుషులు మారే కథ అయితే బాగా పనికొస్తుంది.

ఒక హాస్టల్‌లో 1000 మంది ఉన్నారు. ఇన్నాళ్లూ ఒకటే మెస్. ఇప్పుడు కొత్త మెస్ తెరిచారు. నెలాఖరున ఎవరైనా మెస్ మారొచ్చు. పాత మెస్‌లో ఉన్నవాళ్లలో 20 శాతం ప్రతి నెలా కొత్తదానికి వెళ్తున్నారు, 80 శాతం ఉండిపోతున్నారు. కొత్త మెస్‌లో ఉన్నవాళ్లలో 30 శాతం పాతదానికి తిరిగొస్తున్నారు, 70 శాతం ఉండిపోతున్నారు. దీన్ని మ్యాట్రిక్స్‌గా రాస్తే:

```
A = | 0.8  0.3 |
    | 0.2  0.7 |
```

మొదటి నిలువు వరస పాత మెస్ వాళ్లు ఎటు పోతారో చెబుతుంది, రెండోది కొత్త మెస్ వాళ్ల సంగతి. పై అడ్డు వరస పాత మెస్‌కి చేరేవాళ్లు, కింది వరస కొత్త మెస్‌కి చేరేవాళ్లు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. అడ్డు వరసల్లో రాయాల్సింది నిలువు వరసల్లో, నిలువుది అడ్డంగా రాసేస్తారు. తప్పు జరిగిందో లేదో చూడటం తేలిక. ఒక నెల గడిపి చూడండి. (1000, 0)ని పై మ్యాట్రిక్స్‌తో గుణిస్తే (800, 200) వస్తుంది, మొత్తం 1000. తిరగేసి రాసుంటే (800, 300) వస్తుంది. హాస్టల్‌లో ఉన్నట్టుండి వంద మంది పుట్టుకొచ్చారన్నమాట. మొత్తం మారకూడదు, అంటే ప్రతి నిలువు వరస కూడితే 1 రావాలి. అది సరిచూసుకున్నాకే ముందుకు వెళ్లండి.

λ ముట్టుకోకుండా నాలుగు నెలలు నడపండి

క్లాసుకి వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన పని ఇది. పదిహేను నిమిషాలు చాలు. ఐగెన్ అనే మాటే మర్చిపోయి, మ్యాట్రిక్స్‌తో మళ్లీ మళ్లీ గుణించండి.

```
నెల 0 : (1000,   0)
నెల 1 : ( 800, 200)
నెల 2 : ( 700, 300)
నెల 3 : ( 650, 350)
నెల 4 : ( 625, 375)
```

పాత మెస్ ఎంతెంత తగ్గుతోందో చూడండి: 200, 100, 50, 25. ప్రతిసారీ సగం. ఇది ఎక్కడికి పోయి ఆగుతుందో లెక్క లేకుండానే చెప్పొచ్చు. 625లోంచి ఇంకా 12.5, తర్వాత 6.25, అలా తగ్గుతూ పోతే మొత్తం ఇంకో 25 తగ్గి 600 దగ్గర నిలుస్తుంది. కొత్త మెస్ 400. (సగం మనిషి ఎక్కడా ఉండడు. అయిదో నెల నుంచి వచ్చే దశాంశాలు సగటు లెక్క అనుకోండి.)

ఇప్పుడు మీ దగ్గర రెండు అసలైన ప్రశ్నలు పుట్టాయి. 600-400 దగ్గరే ఎందుకు ఆగింది? ప్రతి నెలా సరిగ్గా సగమే ఎందుకు తగ్గింది? 0.8, 0.3, 0.2, 0.7 అనే నాలుగు అంకెల్లో సగం అన్నది ఎక్కడా లేదు. మరి అదెక్కడి నుంచి వచ్చింది?

ఈ రెండు ప్రశ్నలు పుస్తకంలో ప్రింటు చేసి ఉన్నా ఇంత పదును ఉండదు. మీరే నాలుగు నెలలు నడిపి, సగం సగం తగ్గడం మీ కళ్లతో చూశారు కాబట్టి జవాబు తెలుసుకోవాలని మీకే అనిపిస్తుంది. అందుకే ఈ మెట్టు దాటేయొద్దు.

మొదటి ప్రశ్న: "సార్, ఈ మ్యాట్రిక్స్ ఏ జంటని కదిలించదు?"

క్లాసులో ఇలా అడగండి: "సార్, ఇక్కడ రెండు మెస్‌ల లెక్క ఉంది. గుణించినా మారకుండా అలాగే ఉండే జంట ఏదైనా ఉంటుందా?" ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఎవరైనా సరే Av = v అని రాయాల్సిందే. అంటే మీరు ఐగెన్ వెక్టర్ నిర్వచనం దగ్గరికి, λ = 1 దగ్గరికి, మీ దారినే వచ్చారు.

లెక్క చేస్తే వచ్చే మ్యాట్రిక్స్ చూడండి:

```
A − 1·I = | -0.2   0.3 |
          |  0.2  -0.3 |
```

రెండు వరసలూ ఒకటే మాట చెబుతున్నాయి: 0.2x = 0.3y. చాలామంది దీన్ని చూసి "రెండో వరస సున్నా అయిపోతుంది, y = k పెట్టు" అని ముందుకు పోతారు. ఒక్క నిమిషం ఆగి చదవండి. 0.2x అంటే పాత మెస్ వదిలి వెళ్లేవాళ్లు. 0.3y అంటే కొత్తదాన్నుంచి తిరిగొచ్చేవాళ్లు. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ సమానం అని ఆ వరస అంటోంది. ఇన్నాళ్లూ మీరు యాంత్రికంగా చేసిన రో రిడక్షన్ నిజానికి ఒక రాకపోకల లెక్క. x, y నిష్పత్తి 3:2, వెయ్యి మందిలో 600, 400.

దీని వెంటే ఇంకో చిన్న ప్రశ్న అడగండి, ఎందుకంటే ఇక్కడ పెద్ద అపోహ దాగి ఉంది. "600-400కి చేరాక ఎవరూ మెస్ మారరా?" మారతారు. ప్రతి నెలా పాతదాన్నుంచి 120 మంది వెళ్తారు, కొత్తదాన్నుంచి 120 మంది వస్తారు. మనుషులు కదులుతూనే ఉంటారు, సంఖ్యలు కదలవు. ఐగెన్ వెక్టర్‌ని "ఆగిపోయిన స్థితి" అనుకుంటే ఈ తేడా పోతుంది.

రెండో ప్రశ్న: "డిటర్మినెంట్ సున్నా ఎందుకు కావాలి?"

లెక్క మొత్తంలో అర్థం తెగిపోయే చోటు ఇదే. Av = λv దాకా అందరూ వస్తారు. ఆ తర్వాత హఠాత్తుగా డిటర్మినెంట్ వచ్చి పడుతుంది, ఎందుకొచ్చిందో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. "ఫార్ములా అది" అనే జవాబు వస్తే ఒప్పుకోవద్దు, మర్యాదగానే ఇంకోసారి అడగండి.

అడిగే తీరు ఇలా ఉంటే పనవుతుంది: "సార్, λ = 0.7 అని పెట్టి చూశాను. వెక్టర్ దొరకలేదు. 0.5 పెడితే దొరికింది. తేడా ఏమిటి?" నిజంగానే ముందు పెట్టి చూడండి.

```
A − 0.7·I = | 0.1  0.3 |      A − 0.5·I = | 0.3  0.3 |
            | 0.2  0   |                  | 0.2  0.2 |
```

ఎడమవైపు మ్యాట్రిక్స్‌తో ఏ జంటని గుణిస్తే (0, 0) వస్తుంది? కింది వరస x = 0 అంటుంది, అప్పుడు పై వరస y = 0 అంటుంది. (0, 0) తప్ప ఇంకేదీ లేదు, అది దిశే కాదు కాబట్టి పనికిరాదు. కుడివైపు దాంట్లో రెండు నిలువు వరసలూ ఒకేలా ఉన్నాయి, అందుకని (1, -1) పెడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా వస్తుంది. అంటే ఈ మ్యాట్రిక్స్ ఒక దిశని పూర్తిగా నలిపేస్తోంది. ఏదో ఒక దిశ నలిగిపోతోందా లేదా అని చెప్పే పరీక్షే డిటర్మినెంట్. సున్నా అయితే నలిగిపోతోంది, కాకపోతే లేదు. మనం వెతుకుతున్నది నలిగే దిశని, అది ఏ λ దగ్గర దొరుకుతుందో చెప్పడానికి మాత్రమే డిటర్మినెంట్ కావాలి.

ఈ మ్యాట్రిక్స్‌కి ఆ ఈక్వేషన్ λ² − 1.5λ + 0.5 = 0. జవాబులు 1, 0.5. మనం నెలల పట్టికలో చూసిన "సగం" ఇదిగో ఇక్కడ బయటపడింది.

మూడో ప్రశ్న: "మైనస్ ఒక విద్యార్థి అంటే ఎవరు?"

(3, 2) అంటే అర్థమైంది. (1, -1) అంటే ఏమిటి? కొత్త మెస్‌లో మైనస్ ఒకరు ఎలా ఉంటారు? ఈ ప్రశ్న చిన్నపిల్లల ప్రశ్నలా ఉందని చాలామంది లోపలే దాచుకుంటారు. దయచేసి అడగండి. చాప్టర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇదే, జవాబు తెలిస్తే మిగతాదంతా తేలికైపోతుంది.

(1, -1) హాస్టల్‌లోని జనం కాదు, తేడా. స్థిరమైన జంటతో పోలిస్తే పాత మెస్‌లో ఒకరు ఎక్కువ, అందువల్ల కొత్త మెస్‌లో ఒకరు తక్కువ అని దానర్థం. మొదటి రోజు వెయ్యి మందీ పాత మెస్‌లోనే ఉన్నారు. ఉండాల్సింది 600, ఉన్నది 1000, కాబట్టి 400 ఎక్కువ:

```
(1000, 0) = 200·(3, 2) + 400·(1, -1)
```

ఇప్పుడు A తో గుణిస్తే మొదటి ముక్క అలాగే ఉంటుంది, రెండో ముక్క సగమవుతుంది. ఇంకోసారి గుణిస్తే మళ్లీ సగం. n నెలల తర్వాత:

```
200·(3, 2) + 400·(0.5)ⁿ·(1, -1)
```

n = 3 పెట్టి చూడండి: 400ని 8తో భాగిస్తే 50, కాబట్టి (650, 350). ముందు చేతితో నడిపిన పట్టికలోనూ మూడో నెల ఇదే ఉంది. పది నెలల తర్వాత ఎంతో తెలియాలంటే ఇక పదిసార్లు గుణించక్కర్లేదు. 400ని 1024తో భాగిస్తే అర కన్నా తక్కువ, అంటే లెక్క 600-400కి ఒక్క మనిషి తేడా కూడా లేకుండా చేరిపోయింది.

పరీక్షలో A¹⁰ కనుక్కోమని ఇచ్చి P D P⁻¹ రాయిస్తారు కదా, దాని అసలు రూపం ఇదే. P⁻¹ అంటే (1000, 0)ని ఈ రెండు దిశల ముక్కలుగా విడగొట్టడం. D అంటే ఒక్కో ముక్కని దాని λతో గుణించడం. P అంటే మళ్లీ కలిపేయడం. నా విద్యార్థులు చాలామంది P⁻¹ని తప్పుల్లేకుండా కనుక్కుంటారు, కానీ అది 200, 400 అనే రెండు అంకెల్ని ఇవ్వడానికే ఉందని చెప్పినప్పుడు ఒక్కసారిగా మొహాలు మారతాయి. క్లాసులో అడగాల్సిన మాట కూడా ఇదే: "P⁻¹ని ఈ వెక్టర్‌తో గుణిస్తే వచ్చే రెండు అంకెలు దేన్ని లెక్కపెడుతున్నాయి?"

ఇంకొక్కటి మిగిలింది. సగం ఎక్కడి నుంచి వచ్చింది? λ = 0.5 అని ఈక్వేషన్ చెప్పింది నిజమే, కానీ ఎందుకు? ఒక మనిషిని తీసుకోండి. అతను ఈ నెల పాత మెస్‌లో ఉంటే వచ్చే నెల పాత మెస్‌లో ఉండే అవకాశం 0.8. ఈ నెల కొత్తదాంట్లో ఉంటే వచ్చే నెల పాత మెస్‌లో ఉండే అవకాశం 0.3. ఒక మనిషి "ఎక్కువ" ఉండటం వల్ల వచ్చే నెలకి మిగిలే తేడా 0.8 − 0.3 = 0.5. రెండో ఐగెన్ వాల్యూ మొదటి స్థితి ఎంతవరకు గుర్తుంటుందో చెబుతుంది. రెండు నిలువు వరసలూ ఒకేలా ఉంటే ఆ తేడా సున్నా, ఒక్క నెలలోనే ఎక్కడ మొదలుపెట్టామో పూర్తిగా చెరిగిపోతుంది.

నాలుగో ప్రశ్న: "λ మైనస్ అయితే?"

ఇది త్వరగా తేలిపోతుంది. జనం ఎక్కడున్నా విసుగొచ్చి మారిపోయే హాస్టల్ ఊహించండి. ప్రతి మెస్‌లోనూ 80 శాతం నెలాఖరున రెండోదానికి పోతారు. ఐగెన్ వాల్యూలు 1, -0.6. (1000, 0)తో మొదలుపెడితే (200, 800), (680, 320), (392, 608). సమతూకం 500-500. తేడా 500, -300, 180, -108. తగ్గుతోంది, కానీ ప్రతి నెలా పక్క మారుతోంది. మైనస్ గుర్తుకి అర్థం ఊగడం.

అందరూ ప్రతి నెలా మారిపోతే λ = -1. అప్పుడు 1000-0, 0-1000, 1000-0 అని ఎప్పటికీ నడుస్తుంది. స్థిరమైన జంట (500, 500) ఉంది, కానీ మనం దాని దగ్గరికి ఎన్నటికీ చేరం. ఐగెన్ వెక్టర్ ఉండటం వేరు, దాని దగ్గరికి చేరడం వేరు. మిగతా λల పరిమాణం ఒకటికన్నా తక్కువ ఉంటేనే చేరతాం.

అయిదో ప్రశ్న: "ఇది ఎక్కడ పని చేయదు?"

ఏ పద్ధతినైనా నిజంగా తెలుసుకోవాలంటే అది చెయ్యి ఎత్తేసే చోటు చూడాలి. ఈ రెండు మ్యాట్రిక్స్‌లు పక్కపక్కన రాసి సార్‌ని లేదా మేడమ్‌ని అడగండి:

```
I = | 1  0 |      S = | 1  1 |
    | 0  1 |          | 0  1 |
```

రెండింటికీ కారక్టరిస్టిక్ ఈక్వేషన్ ఒకటే, (λ − 1)² = 0. రెండింటికీ λ = 1, రెండుసార్లు. కానీ I ఏ వెక్టర్‌నీ కదిలించదు, ప్రతి దిశా దానికి ఐగెన్ వెక్టరే. Sకి (1, 0) ఒక్క దిశే ఉంది. (0, 1)తో మొదలుపెట్టి S తో గుణిస్తూ పోతే (1, 1), (2, 1), (3, 1) అని పెరుగుతూనే ఉంటుంది. λ 1 కాబట్టి ఏదీ పెరగదు అని ఊహించినవాళ్లకి ఇది దెబ్బ. రెండో దిశ దొరకలేదు కాబట్టి (0, 1)ని ఐగెన్ దిశల ముక్కలుగా విడగొట్టడం కుదరదు, మనం హాస్టల్‌కి వాడిన ఉపాయం ఇక్కడ చెల్లదు. ఈ జంట చూశాక "డయాగొనలైజబుల్" అనే మాట బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు. దాని అర్థం ఇంతే: ఏ వెక్టర్‌నైనా విడగొట్టడానికి సరిపడా దిశలు ఉన్నాయా?

ఇంకో పరిమితి లెక్కలో కాదు, కథలోనే ఉంది. 20 శాతం, 30 శాతం ప్రతి నెలా అలాగే ఉంటాయని మనం అనుకున్నాం. కొత్త మెస్‌లో క్యూ పెరిగి జనం మనసు మార్చుకుంటే మ్యాట్రిక్స్ నెలనెలా మారిపోతుంది. అప్పుడు 600-400 అన్నది ఉత్త మాట. ఒకే మ్యాట్రిక్స్ మళ్లీ మళ్లీ పని చేసే చోటే ఐగెన్ వెక్టర్ భవిష్యత్తు చెబుతుంది. ఒక అప్లికేషన్ గురించి విన్నప్పుడల్లా "ఇక్కడ పదే పదే పని చేస్తున్నది ఏ మ్యాట్రిక్స్?" అని అడగండి. కొన్ని చోట్ల, ఉదాహరణకి డేటా ఏ దిశలో ఎక్కువ పరుచుకుందో చూసే లెక్కలో, పదే పదే గుణించడం ఉండదు. అక్కడ ఐగెన్ వెక్టర్ పని వేరు, ప్రశ్న కూడా "ఈ దిశలో ఎంత సాగింది?" అని మారుతుంది.

కంప్యూటర్‌తో సరిచూసేటప్పుడు

పైథాన్ ఉంటే రెండు నిమిషాల పని:

```python
import numpy as np
A = np.array([[0.8, 0.3],
              [0.2, 0.7]])
w, V = np.linalg.eig(A)
print(w)
print(V)
```

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. వెక్టర్లు V లో నిలువు వరసల్లో ఉంటాయి, అడ్డంగా చదివితే అంతా తప్పిపోతుంది. రెండోది, (3, 2) కనిపించదు. దాని బదులు 0.832, 0.555 కనిపిస్తాయి, ఎందుకంటే ప్రోగ్రామ్ వెక్టర్ పొడవుని 1కి తగ్గిస్తుంది. 0.832ని 0.555తో భాగించండి, 1.5 వస్తుంది, అది 3:2 నిష్పత్తే. గుర్తులు తారుమారై మైనస్‌లు కూడా రావచ్చు, λల వరస కూడా ఇలాగే ఉంటుందన్న హామీ లేదు. ఇవేవీ తప్పులు కావు, వెక్టర్ పొడవు ముఖ్యం కాదు, దిశే ముఖ్యం. మెస్ లెక్కకి తిరిగి రావాలంటే రెండు అంకెల్నీ వాటి మొత్తంతో భాగించి 1000తో గుణించండి, 600, 400 వచ్చేస్తాయి. 500, 500 వచ్చిందంటే మ్యాట్రిక్స్ తిరగేసి రాశారు, మొదటి మెట్టుకి వెళ్లి నిలువు వరసల మొత్తం చూడండి.

ఎప్పుడు, ఎలా అడగాలి

యాభై నిమిషాల పీరియడ్‌లో లెక్చరర్‌కి పూర్తి చేయాల్సిన పాఠం ఉంటుంది. మధ్యలో "అసలు ఇదంతా ఎందుకు" అంటే ఆగి చెప్పడానికి వాళ్లకి చోటుండదు. బోర్డు మీద లెక్క పూర్తయిన క్షణం మంచి సమయం. అప్పుడే వచ్చిన λ, వెక్టర్ అక్కడే ఉంటాయి కదా, వాటి మీదే అడగండి: "మేడమ్, ఈ మ్యాట్రిక్స్‌తో ఇరవైసార్లు గుణిస్తే ఏ దిశ మిగులుతుంది?" జవాబు ఒక్క వాక్యంలో వస్తుంది, పాఠం ఆగదు, క్లాసంతా వింటుంది.

పొడవైన ప్రశ్నలు, ముఖ్యంగా మైనస్ విద్యార్థి, P⁻¹, S మ్యాట్రిక్స్ ప్రశ్నలు, ఒక కాగితం మీద మీ పట్టికతో సహా రాసుకుని స్టాఫ్ రూమ్‌కి తీసుకెళ్లండి. పట్టిక చూడగానే మీరు ఎంతవరకు వచ్చారో, ఎక్కడ ఆగారో వాళ్లకి తెలుస్తుంది, మొదటి నుంచి చెప్పాల్సిన పని తప్పుతుంది. ఎప్పుడైనా "అది తర్వాతి యూనిట్‌లో వస్తుంది" అనే జవాబు వస్తే, ఆ యూనిట్ పేరు అడిగి కాగితం మీద రాసుకోండి, అది వచ్చిన రోజు మళ్లీ అడగండి.

జాబితా వస్తే దాన్నే ప్రశ్నగా మార్చండి

ఇంత చేశాక కూడా ఎవరో ఒకరు "దీన్ని గూగుల్‌లో వాడారు" అని చెప్పి వదిలేస్తారు. అక్కడ ఆగొద్దు. మెస్ ప్రశ్నల్నే అక్కడ అడగండి.

స్టాన్‌ఫోర్డ్‌లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో ప్రచురించిన పేజ్‌ర్యాంక్ కూడా మన హాస్టల్ లాంటిదే. మెస్‌ల బదులు వెబ్‌పేజీలు, విద్యార్థుల బదులు ఒక లింకు నుంచి ఇంకో లింకుకి వెళ్లే పాఠకుడు. ఏ జంట మారదు అనే మొదటి ప్రశ్నకి జవాబు పేజీల ర్యాంకు. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ సమానం అయ్యే పంపకమే అది. మూడో ప్రశ్న, అంటే తేడా ఎంత వేగంగా తగ్గుతుంది అన్నది ఇక్కడ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాళ్ల లెక్కలో పాఠకుడు 0.85 అవకాశంతో పేజీలోని లింకు నొక్కుతాడు, మిగతా 0.15 అవకాశంతో ఎక్కడో ఒక పేజీకి దూకుతాడు. ఈ ఏర్పాటు వల్ల రెండో ఐగెన్ వాల్యూ పరిమాణం 0.85ని మించదు. 32.2 కోట్ల లింకుల మీద దాదాపు 52 సార్లు గుణిస్తే సరిపోయిందని వాళ్లు రాశారు. 0.85ని 52 సార్లు గుణించి చూడండి, దాదాపు 0.0002 వస్తుంది. అంతకన్నా పెద్ద తేడా మిగలదన్నమాట. మన హాస్టల్‌లో 0.5 చేసిన పనే ఇక్కడ 0.85 చేస్తోంది.

ఇక్కడికి వచ్చాక అడగాల్సిన ప్రశ్న మీకే తడుతుంది: 0.85 బదులు 0.5 పెడితే లెక్క చాలా త్వరగా ముగుస్తుంది కదా, మరెందుకు పెట్టలేదు? పెడితే పాఠకుడు సగంసార్లు లింకుల్ని పట్టించుకోకుండా దూకుతుంటాడు. ఎవరు ఎవరికి లింకు ఇచ్చారన్న సమాచారం పలచబడి, పేజీల ర్యాంకులన్నీ ఒకదానికొకటి దగ్గరగా జరుగుతాయి. 1కి దగ్గరగా 0.99 పెడితే లింకుల మాట బాగా వినిపిస్తుంది, కానీ తేడా అదే 0.0002కి తగ్గడానికి 52 కాదు, 800 సార్లకి పైగా గుణించాల్సి రావచ్చు.